తుపాకీ పట్టిన రోజుకు వయసెంత?

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి ఎనభై పైచిలుకు కిలోమీటర్లు. ఘాట్ దిగితే చింతూరు, ఇంకాస్త ముందుకు పోతే కుంట. కుంట అంటే ఛత్తీస్‌గఢ్. పొద్దున్నే గోదావరి గట్టు మీద టీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడుండొచ్చు. పిల్లల చేతికి తుపాకీ ఇచ్చారన్న ఆరోపణ మావోయిస్టుల మీదా, ప్రభుత్వం మీదా కూడా నమోదైన ప్రాంతం మనకు అంత దగ్గర.

2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా మరో అయిదుగురితో పాటు ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. చిన్నతనంలోనే బాలసంఘం ద్వారా దళంలోకి వెళ్లాడని మర్నాటి పత్రికలు రాశాయి. దానికి నెల ముందు, అక్టోబరు 17న, జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు అప్పగించారు. ఆ రోజుల్లో మన వీధి అరుగుల మీద రెండు మాటలు వినిపించాయి. ‘పసివాడిగా ఉన్నప్పుడే తీసుకుపోయారు, వాడి తప్పేముంది?’ అన్నది ఒకటి. ‘అన్ని ప్రాణాలు పోయాక చిన్నప్పటి సంగతి ఎత్తితే ఎలా?’ అన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. చట్టం కూడా ఆ రెంటినీ వేసుకుంది. దాని జవాబు దాదాపుగా ఒక్క అంకె మీద నిలబడి ఉంటుంది. ఆ మనిషికి ఈ రోజు వయసెంత అని అది అడగదు, ఆ పని జరిగిన రోజుకు ఎంత అని అడుగుతుంది. ఆ అంకె ఎలా పనిచేస్తుందో, మన ఏజెన్సీలో దాన్ని తేల్చడం ఎందుకంత కష్టమో చూద్దాం.

ముందు పిల్లల్ని చేర్చుకున్న పెద్దవాళ్ల సంగతి. యుద్ధ నేరం అంటే, పోరాడే తీరులో ఇది మాత్రం చేయకూడదని దేశాలన్నీ కలిసి గీసుకున్న గీత దాటడం. 1998లో రోమ్ నగరంలో కుదిరిన ఒప్పందంతో హేగ్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఏర్పడింది. పదిహేనేళ్లు నిండనివాళ్లను బలవంతంగా చేర్చుకున్నా, వాళ్లంతట వాళ్లు వస్తే చేర్చుకున్నా, పోరులో వాడుకున్నా యుద్ధ నేరమేనని ఆ ఒప్పందం చెబుతుంది. పదిహేనేళ్లంటే మన లెక్కలో పదో తరగతి పరీక్ష రాసే వయసు. అది ప్రభుత్వ సైన్యమైనా తిరుగుబాటు దళమైనా సూత్రం ఒకటే.

ఆ న్యాయస్థానం ఇచ్చిన మొట్టమొదటి తీర్పే పిల్లల గురించి. కాంగో దేశపు సాయుధ నాయకుడు థామస్ లుబంగాను 2012 మార్చిలో దోషిగా తేల్చి, జులైలో 14 ఏళ్ల శిక్ష వేశారు. అతని మీద మోపిన నేరం ఇదొక్కటే. ‘పిల్లలు ఇష్టపడే వచ్చారు’ అన్న వాదన ఆ కేసులో నిలవలేదు. పదిహేనేళ్లలోపు పిల్లవాడి ఒప్పుకోలు ఒప్పుకోలే కాదన్నారు న్యాయమూర్తులు. తుపాకీ పేల్చినవాడే పోరులో ఉన్నట్టు అని కూడా వాళ్లు అనుకోలేదు. కబురు మోసినవాడు, కాపలా కాసినవాడు, నాయకుడి వెంట అంగరక్షకుడిగా తిరిగినవాడు కూడా ఆ లెక్కలోకి వస్తారు.

ప్రపంచం మొత్తం మీద ఇలాంటివాళ్లు ఎందరు? 2024లో ఐక్యరాజ్యసమితి ఒక్కొక్కటిగా విచారించి నిర్ధారించుకున్న చేరికలు 7,402. రోజుకు ఇరవై చొప్పున పడతాయి. అంటే మన హైస్కూల్లో ఒక సెక్షన్‌లో సగం మంది, ఆదివారాలు కూడా సెలవు లేకుండా, రోజూ మాయమవుతున్నట్టు. నిర్ధారణ దాకా రానివి ఈ లెక్కలో లేవు. ఆ సమితి ఏటా ఇచ్చే నివేదికలో మన దేశం పేరు చాలా ఏళ్లు ఉండేది. పిల్లల రక్షణకు తీసుకున్న చర్యలను చూసి 2023లో తీసేశారు.

ఇక్కడ మీకు సహజంగా రావాల్సిన సందేహం: మరి మన అడవుల్లో పిల్లల్ని చేర్చుకున్నవాళ్లను హేగ్‌లో నిలబెట్టొచ్చా? కుదరదు. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు. భద్రతా మండలి ప్రత్యేకంగా పంపితే తప్ప ఆ కోర్టుకు ఇక్కడ అధికారం రాదు. పైగా మావోయిస్టులతో జరుగుతున్నది శాంతిభద్రతల సమస్యే తప్ప యుద్ధం కాదన్నది మన ప్రభుత్వాల వైఖరి. యుద్ధమే లేదన్నచోట యుద్ధ నేరం అన్న మాటకు పట్టు దొరకదు. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది కానీ, అది 1949 ఒప్పందాల్లోని ఘోరమైన ఉల్లంఘనలకే శిక్షలు చెబుతుంది. పిల్లల్ని చేర్చుకోవడం ఆ పట్టికలో లేదు.

అయితే మన దేశం సంతకం పెట్టిన ఒప్పందం ఒకటుంది. బాలల హక్కుల ఒడంబడికకు 2000లో చేర్చిన అదనపు ఒప్పందాన్ని భారత్ 2005 నవంబరులో ఆమోదించింది. అందులో అంకె పదిహేను కాదు, పద్దెనిమిది. ప్రభుత్వ సైన్యం కాని సాయుధ దళాలు పద్దెనిమిదేళ్లలోపువాళ్లను ఏ పరిస్థితిలోనూ చేర్చుకోకూడదు, వాడుకోకూడదు, అలా జరగకుండా దేశాలు చట్టం చేయాలి అంటుంది ఆ ఒప్పందం. పదిహేనుకూ పద్దెనిమిదికీ మధ్య మూడేళ్లు. పదో తరగతి అయ్యాక ఇంటర్ ముగించి డిగ్రీలో అడుగుపెట్టేంత కాలం. ఆ మూడేళ్ల వయసులో ఉన్న పిల్లను దళంలో చేర్చుకుంటే హేగ్ లెక్కలో యుద్ధ నేరం కాదు, ఈ ఒప్పందం లెక్కలో మాత్రం తప్పు.

మన సైన్యం అగ్నివీరులను పదిహేడున్నరకే తీసుకుంటోంది కదా అని మీరు అడగొచ్చు. సైన్యంలో స్వచ్ఛందంగా చేరేవాళ్లకు ఆ ఒప్పందం కొంత వెసులుబాటు ఇచ్చింది. శిక్షణ ముగిశాక కూడా పద్దెనిమిది నిండితేనే పోరు జరిగేచోటికి పంపుతామని భారత్ రాతపూర్వకంగా చెప్పింది. ఆ వెసులుబాటు దళాలకు లేదు.

ఇప్పుడు మన పొరుగున జరిగిన కథ. 2005 జూన్‌లో దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఊళ్లను కదిలించి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చిన ఉద్యమం అది, దాని వెనక ప్రభుత్వ అండ ఉంది. రెండు వైపుల దెబ్బలకు తట్టుకోలేక వేలాది మంది ఆదివాసులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకీ, గోదావరి ఒడ్డు అడవుల్లోకీ వచ్చేశారు. మనం గుత్తికోయలంటున్నది వీళ్లనే. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు 2014లో తూర్పుగోదావరిలో కలిశాక వాళ్లలో కొందరు మన జిల్లావాళ్లయ్యారు. తర్వాత 2022లో ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి.

ఆ పారిపోయి వచ్చినవాళ్లతో మాట్లాడి హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ 2008లో ఒక నివేదిక వేసింది. మావోయిస్టులు ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని బాలసంఘాల్లో చేర్చుకుంటారనీ, పన్నెండు దాటాక పాటల దళాలు, గ్రామ మిలీషియా, చివరికి సాయుధ దళాల్లోకి తీసుకుంటారనీ అందులో ఉంది. ఆరేళ్లంటే ఒకటో తరగతి. బాలసంఘం పిల్లవాడు మొదట చేసేది పోలీసులు వస్తే ఊరికి చెప్పడం. మనకది చిన్న పనిలాగే కనిపిస్తుంది. అవతలివాడి కళ్లకు ఆ క్షణం నుంచి ఆ పిల్లవాడు శత్రువు.

అదే నివేదిక ప్రభుత్వాన్నీ వదల్లేదు. సల్వాజుడుం కాలంలో పోలీసులకు తోడుగా ప్రత్యేక పోలీసు అధికారులు, అంటే ఎస్పీఓలు, అనే పేరుతో ఆదివాసీ యువకులను తీసుకుని తుపాకులిచ్చారు. వాళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లున్నారని నివేదిక చెప్పింది. అధికారులు ఇచ్చిన జవాబు గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసంలో మనం మళ్లీ దాని దగ్గరికి వస్తాం: చేర్చుకున్న మాట నిజమే, ఊళ్లలో వయసు కాగితాలు లేక అలా జరిగింది, తర్వాత అలాంటివాళ్లను తీసేశాం అన్నారు.

ఈ ఎస్పీఓల వ్యవస్థ మీద నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన విశాఖపట్నంలో ఉండే మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ కలిసి 2007లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ తీర్పిచ్చారు. అప్పటికి ఎస్పీఓల సంఖ్య 6,500. నెలకు ఇచ్చేది 3,000 రూపాయలు, రోజుకు వంద. అదే ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 121. చెరువులో మట్టి ఎత్తితే వచ్చేదానికన్నా తక్కువకు ప్రాణం పణంగా పెట్టించారన్నమాట. అయిదో తరగతి చదివి ఉంటే ప్రాధాన్యం. రెండు నెలల శిక్షణలో చట్టాలన్నిటికీ కలిపి ఇచ్చింది గంట చొప్పున 24 పీరియడ్లు. మన బడిలో రోజుకు ఆరు పీరియడ్ల లెక్కన నాలుగు రోజుల పాఠం. ఎప్పుడు కాల్చొచ్చో, ఎప్పుడు కాల్చకూడదో ఆ నాలుగు రోజుల్లో తెలుసుకోవాలి.

పద్దెనిమిది నిండినవాళ్లనే తీసుకుంటున్నామని ప్రభుత్వం వాదించింది. కోర్టు వయసు దగ్గరే ఆగిపోలేదు. అంత తక్కువ చదువు, అంత తక్కువ శిక్షణతో వాళ్లను మావోయిస్టుల ఎదుటికి పంపడం సమానత్వ హక్కుకూ, జీవించే హక్కుకూ విరుద్ధమని తేల్చి, ఎస్పీఓలను పోరులో వాడొద్దని, తుపాకులు వెనక్కి తీసుకోమని ఆదేశించింది. ఆ రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం చేసి వాళ్లలో చాలామందిని సహాయక దళంలోకి మార్చుకుంది. దీని మీద దాఖలైన కోర్టు ధిక్కారం పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 మేలో ముగించింది, చట్టం చేయడం ధిక్కారం కాదంటూ. నా మటుకు నాకు ఆ 2011 తీర్పు ఈ ప్రాంతం పిల్లలకు దొరికిన అతి పెద్ద అండ. తుపాకీ ఇచ్చే చేయి ప్రభుత్వానిదైనా అడిగేవాళ్లున్నారని అది చెప్పింది.

ఆ తీర్పు వచ్చేనాటికి దళాల్లో పిల్లల్ని చేర్చుకోవడాన్ని నేరంగా పేరు పెట్టి చెప్పే సెక్షన్ మనకు లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో అది వచ్చింది. 83వ సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రకటించిన ఉగ్ర సంస్థ ఏదైనా పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఏ పనికి చేర్చుకున్నా, వాడుకున్నా ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల జరిమానా. మావోయిస్టు పార్టీ 2009 జూన్ నుంచి నిషేధిత ఉగ్ర సంస్థల జాబితాలో ఉంది. ‘ఏ పనికైనా’ అన్న మాట గమనించండి. వంటకు, బియ్యం మోయడానికి, ఉత్తరం ఇచ్చి రావడానికి వాడుకున్నా చాలు. వయసు గీత కూడా పద్దెనిమిది. ఈ రెండు విషయాల్లోనూ మన సెక్షన్ హేగ్ నిర్వచనం కన్నా ముందుంది.

లోపం మరోచోట ఉంది. 2021లో ఆ చట్టాన్ని సవరించి, ఇలాంటి శిక్ష ఉన్న నేరాలను మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు తమంతట తాము కేసు కట్టలేని నేరాల్లో కలిపేశారు. పక్కింటివాడు తిట్టాడని స్టేషన్‌కు వెళ్తే ‘కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకో’ అంటారు చూడండి, ఆ కోవలోకి పిల్లల్ని దళంలో చేర్చుకునే నేరం కూడా వెళ్లింది. అడవి అంచున ఉన్న తండ్రి ఆ పని చేయగలడా అన్నది మీరే ఆలోచించండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ కొంత ఆదుకుంటుంది. నేరం చేయించడానికి పిల్లల్ని పెట్టుకుంటే మూడు నుంచి పదేళ్ల శిక్ష, పిల్లవాడు ఆ నేరం చేస్తే దాని శిక్ష కూడా పెట్టుకున్నవాడికే.

ఇక పిల్లల వైపు వద్దాం. దళం నుంచి దొరికిన పిల్ల చట్టం కంటికి బాధితురాలా, నిందితురాలా? రెండూ కావచ్చు. అందుకే బాలల న్యాయ చట్టంలో రెండు గుమ్మాలున్నాయి. సాయుధ పోరులో చిక్కుకున్న పిల్లలు ‘సంరక్షణ అవసరమైనవాళ్లు’ అని 2వ సెక్షన్‌లోనే రాసి ఉంది. వాళ్లను జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే సమితి అది, శిక్షలు వేయదు. పిల్ల ఫలానా నేరం చేసిందన్న ఆరోపణ ఉంటే వెళ్లాల్సింది రెండో గుమ్మానికి, బాలల న్యాయ మండలికి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. ఏ గుమ్మమైనా 24 గంటల్లోపు చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. పేరూ ముఖమూ పత్రికల్లో రాకూడదు. లొంగుబాటు సమావేశాల్లో వరసగా నిలబెట్టి ఫోటోలు తీయించడం పెద్దవాళ్లకు చెల్లుతుందేమో కానీ, వాళ్లలో పద్దెనిమిది నిండని పిల్ల ఒక్కతి ఉన్నా ఆ ఫోటో వేసినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

యూఏపీఏ, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, పిల్లల మీద పెడితే అప్పుడు? బెయిలు దాదాపు దొరకని చట్టం కదా అది. ఇక్కడ బాలల న్యాయ చట్టానిదే పైచేయి. మరే చట్టం ఏం చెప్పినా పిల్లల నిర్బంధం, విచారణ, శిక్ష తన ప్రకారమే జరగాలని అది మొదటి సెక్షన్‌లోనే రాసుకుంది. బెయిలుకు కూడా దాని 12వ సెక్షనే వర్తిస్తుంది, అక్కడ బెయిలు ఇవ్వడమే మామూలు, ఆపడానికి కారణం చూపాలి.

ఒక ఉదాహరణ వేసుకుంటే ఇదంతా విడమరిచినట్టు కనిపిస్తుంది. ఒక ఆదివాసీ అమ్మాయిని ఊహించుకుందాం. బాలసంఘంలో మొదలై, పాటల దళంలో తిరిగి, తర్వాత సాయుధ దళంలోకి వెళ్లింది. 2021 జూన్‌లో దళం పోలీసు బృందం మీద మాటు వేసి కాల్చింది, ఒక జవాను గాయపడ్డాడు. అమ్మాయి అక్కడే ఉంది. 2024 నవంబరులో బయటికి వచ్చి లొంగిపోయింది. పుట్టిన తేదీ కాగితం ఏదీ లేదు.

ఇప్పుడు ఆమె మేజరే కదా, బాలల చట్టం ఎలా వర్తిస్తుంది అంటారా? నేరం జరిగిన రోజుకు పద్దెనిమిది లోపు ఉంటే, ఎప్పుడు పట్టుబడినా బాలల చట్టమే. ఈ వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు వచ్చాక కూడా లేవనెత్తొచ్చని 9వ సెక్షన్ అంటుంది. కాబట్టి 2021 జూన్‌లో ఆమె వయసు తేలాలి. కాగితం లేదు గనక ఎముకల పరీక్ష చేస్తారు. మణికట్టు, మోచేయి, తుంటి ఎముకల చివరలు ఎంతవరకు అతుక్కున్నాయో ఎక్స్‌రేలో చూసి వయసు అంచనా కడతారు. ఆ అంచనా రెండేళ్లు అటూ ఇటూ పోవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే, జయమాల కేసులో, చెప్పింది. వైద్యులు ‘ఇరవై నుంచి ఇరవై రెండు’ అని రాశారనుకుందాం. అక్కడి నుంచి మూడు సంవత్సరాల అయిదు నెలలు వెనక్కి లెక్కపెట్టాలి. కింది అంకె తీసుకుంటే పదహారున్నర, పై అంకె తీసుకుంటే పద్దెనిమిదిన్నర. ఒకే ఎక్స్‌రే, రెండు జీవితాలు. సందేహం మిగిలినప్పుడు కోర్టులు మామూలుగా పిల్లలకు మేలైన వైపే మొగ్గుతాయి. పదహారున్నర అనుకుందాం.

పదహారు దాటింది గనక ఇంకో మెట్టు ఉంది. పదహారు, పద్దెనిమిది మధ్య వయసులో ‘హేయమైన నేరం’ చేశారంటే పెద్దవాళ్లలా విచారించాలా అని మండలి మూడు నెలల్లో పరిశీలిస్తుంది. హేయమైన నేరం అంటే వినడానికి ఎలా ఉన్నా చట్టంలో దానికి కొలత ఒకటే: కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉండాలి. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీసం ఇంత అని రాసి లేకపోతే ఆ కోవలోకి రాదని 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, తర్వాత ఏడాది పార్లమెంటు దాన్నే చట్టంలో రాసింది.

ఆ కొలతతో మన అమ్మాయి మీద పెట్టే సెక్షన్లు చూడండి. హత్యాయత్నానికి పదేళ్ల దాకా, జవాను గాయపడ్డాడు గనక జీవితఖైదు దాకా కూడా వేయొచ్చు, కానీ కనీస శిక్ష లేదు. ఉగ్ర సంస్థ సభ్యత్వానికి యూఏపీఏ 20వ సెక్షన్‌లో జీవితఖైదు దాకా ఉంది, అక్కడా కనీసం లేదు. ఈ రెండూ హేయమైనవి కావు. మరి ఆమె చేతిలో ఏ తుపాకీ ఉంది? దళం ఇచ్చింది పోలీసుల నుంచి లాక్కున్న ఎస్‌ఎల్‌ఆర్ లాంటి నిషేధిత ఆయుధమైతే, 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం 25వ సెక్షన్‌లో దానికి కనీస శిక్ష ఏడేళ్లు. అదొక్కటి చాలు, నేరం హేయమైనదవుతుంది. వేటకు వాడే ఒంటి గొట్టం నాటు తుపాకీ అయితే ఆ కోవలోకి రాదు. ఆ తుపాకీని ఎంచుకుంది కమాండరు, పర్యవసానం అమ్మాయిది. జవాను చనిపోయి ఉంటే హత్య కేసు అవుతుంది, అప్పుడు తుపాకీ ఏదన్నది చూడక్కర్లేదు.

మండలి ఆ పరిశీలనలో నేరం జరిగిందా లేదా అని చూడదు. ఆ వయసులో ఆమెకు ఆ పని చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, ఫలితం అర్థమైందా, ఏ పరిస్థితుల్లో చేసింది అని చూస్తుంది. పన్నెండేళ్లకే ఇల్లు వదిలి, దళం తప్ప వేరే లోకం ఎరగని పిల్ల విషయంలో ఆ మూడో ప్రశ్నే ప్రాణం. న్యాయవాది బాలసంఘం రోజుల నుంచి కథ చెప్పాలి, చాలాసార్లు కేసు కాగితాల్లో అది ఉండదు. పిల్లగానే చూస్తే గరిష్ఠంగా మూడేళ్ల సంస్కరణ, అంటే ఎనిమిది నుంచి పది దాకా చదివేంత కాలం. ఆ తర్వాత రికార్డు చెరిపేస్తారు, ఉద్యోగానికి అడ్డు రాదు. పెద్దదానిలా విచారించినా ఉరి ఉండదు, విడుదల దారి లేని జీవితఖైదూ ఉండదు.

ఇంతటితో అయిపోయిందా? కాలేదు. కింది అంకె ప్రకారమే ఆమెకు 2022 నవంబరులో పద్దెనిమిది నిండాయి. లొంగిపోయింది 2024 నవంబరులో. మధ్య రెండేళ్లు ఆమె దళ సభ్యురాలిగా ఉన్నది మేజర్‌గానే. ఆ రెండేళ్ల సభ్యత్వం మీద మామూలు కోర్టులో యూఏపీఏ కేసు నడవొచ్చు. ‘ఎలా వెళ్లిపోను, నన్ను పెంచిందే వాళ్లు’ అన్న మాట శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, నేరం లేదనడానికి మాత్రం చాలదు. లొంగుబాటు కూడా క్షమాభిక్ష కాదు. పునరావాస సొమ్ము ఇచ్చినంత మాత్రాన కేసులు పోవు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టుకు దరఖాస్తు పెట్టాలి, కోర్టు ఒప్పుకోవాలి. లొంగిపోయేవాళ్ల ఇంటివాళ్లు ముందే అడిగి తెలుసుకోవాల్సిన విషయం ఇది.

ఈ చిక్కుముడిని ప్రపంచం కూడా విప్పబోయింది. ఉగాండాలో డొమినిక్ ఓంగ్వెన్ తొమ్మిదేళ్ల వయసులో బడికి వెళ్తూ లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ చేతికి చిక్కాడు. అందులోనే పెరిగి బ్రిగేడ్ కమాండర్ అయ్యాడు. హేగ్ న్యాయస్థానం పద్దెనిమిది నిండనివాళ్లను అసలు విచారించదు, కాబట్టి అతని మీద పెట్టినవన్నీ పెద్దయ్యాక చేసిన పనులే. 2021 ఫిబ్రవరిలో 61 అభియోగాల్లో దోషి అని తేల్చారు. పదిహేనేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవడం కూడా అందులో ఒకటి. తనకు జరిగినదాన్నే ఇంకొకరికి చేశాడన్నమాట. జీవితఖైదు వేయగలిగి కూడా 25 ఏళ్లతో ఆపారు, పసివాడిగా ఉన్నప్పుడే ఎత్తుకుపోయారన్న కారణాన్ని శిక్ష దగ్గర లెక్కలోకి తీసుకుని. అరుగు మీది ఇద్దరూ ఆ తీర్పులో తమ మాటకు కొంత చోటు దొరికిందనుకోవచ్చు. హిడ్మా విషయంలో అలాంటి లెక్క ఎవరూ వేయలేదు, కేసు కోర్టుకు రాకముందే అతను చనిపోయాడు.

ఇక మిగిలింది ఆ కాగితం. ఎస్పీఓల గురించి అధికారులు ‘కాగితాలు లేక పొరపాటున చేర్చుకున్నాం’ అన్నారు చూడండి, అదే లోటు ఇప్పుడు కోర్టులో పిల్లల మెడకు చుట్టుకుంటుంది. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వయసు రుజువులకు వరస పెట్టింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అదీ ఉత్తర్వు అయిన పదిహేను రోజుల్లో ముగించాలి. ఆధార్ కార్డు ఈ వరసలో లేదు. పుట్టిన తేదీకి అది రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది.

గుత్తికోయల గుంపుల్లో కాన్పు చాలాసార్లు గుడిసెలోనే జరిగింది, ఊరే ఊరుగా నమోదు కాలేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేస్తే ఖర్చు లేదు. ఏడాది దాటితే, 2023 సవరణ ప్రకారం, కలెక్టర్ లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా కలెక్టర్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పదేళ్ల పిల్లకు ఈ రోజు ఆ ఉత్తర్వు తెచ్చిపెట్టడం కష్టమే కానీ సాధ్యం. అదే పిల్ల పదిహేడేళ్లకు కేసులో ఇరుక్కున్నాక తెస్తే, కేసు కోసం పుట్టించిన కాగితమని అవతలి వకీలు అంటాడు.

ఆశ్రమ పాఠశాలలో చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ తెలియని పిల్లలకు మాస్టారు ఒక తేదీ వేస్తారు. ఒకటో తరగతి గనక అయిదేళ్లు నిండాయని లెక్కగట్టి, ఏదో ఒక జూన్ తేదీ రాసేయడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. మీ ఇంట్లో పెద్దవాళ్ల సర్టిఫికెట్లు తీసి చూడండి, ఎందరు జూన్, జులైల్లో పుట్టారో. మనకు ఆ తేదీ రిటైర్‌మెంటు దగ్గర ఒక ఏడాది అటో ఇటో చేస్తుంది, అంతే. చింతూరు అవతల అడవిలో పిల్లకు మాత్రం 94వ సెక్షన్‌లో మొట్టమొదటి రుజువైన బడి ధ్రువపత్రానికి ఆధారం అదే. బడి మానేసి ఎన్నేళ్లయినా ఆ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆ ఒక్క వరస ఉండి, దాన్ని బట్టి బడి పుట్టిన తేదీ ధ్రువపత్రం ఇస్తే, ఎముకల ఎక్స్‌రే దాకా పోనక్కర్లేకపోవచ్చు. ఆ వరసలో తేదీ వేసేముందు మాస్టారు తల్లిని ఒక్క మాట అడిగితే చాలు: ఈ పిల్ల పుట్టింది ఏ వరదకు ముందు, ఏ పండక్కి తర్వాత అని.